ఫీజు రసీదులో మొత్తం తప్పితే ఆఫీసుకు ఏం రాయాలి?

ప్రశ్న: అన్నా, మాది సిరోంచ. చిన్నపాప మొదటి విడత ఫీజు ఫోన్‌లో కట్టిన. రసీదు ఫొటో తీసి పంపుతున్న, చూడుండ్రి. పైనున్న ఆరు ఫీజులు నేను కూడితే 8,870 వచ్చింది. వాళ్లు 9,320 రాసుకొని అంతే తీసుకున్నరు. అంటే 450 ఎక్కువ. నాకు మరాఠీ అంకెలు వస్తయి గని చదువుడు అంతంతే. పెద్దపాప అదే బడిలో తొమ్మిది చదువుతున్నది, ఆమెతోని రాయిస్త. గట్టిగ రాస్తె పిల్లల మీద కోపం పెట్టుకుంటరేమో అని భయం. ఎట్ల రాయాలె?
(ఒక తల్లి, సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

జవాబు:

చెల్లెమ్మా, ఉత్తరం సంగతి తర్వాత. ముందు ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి అడుగు భాగం చూడు. కాగితం మడత పడ్డ చోట, ఏకూణ్, అంటే మొత్తం, అని రాసిన గీతకు సరిగ్గా పైన ఇంకో వరస ఉంది. నీడ పడి మసకగా ఉన్నా చదవడానికి వస్తోంది. భావండ్ సవలత్ అని రాసి, ఎదురుగా 450 వేశారు. అంటే అక్కో అన్నో అదే బడిలో ఉంటే రెండో బిడ్డకు ఇచ్చే తగ్గింపు. నువ్వు ఆరు వరసలు కూడావు, ఆఫీసులో ఏడు వరసలు కూడారు. ఏడోది కూడాల్సిన వరస కాదు, తీసేయాల్సిన వరస. పొరపాటు అక్కడ జరిగింది. అందుకే నీకు రావాల్సింది 450 కాకుండా 900 అయ్యే వీలు ఎక్కువగా ఉంది.

లెక్క మొత్తం ఒకసారి పరిచి చూద్దాం. ఫొటోలో నాకు కనిపించింది ఇది:

ట్యూషన్ ఫీజు 6,500
సత్ర శుల్క 850
కంప్యూటర్ 600
లైబ్రరీ 250
పరీక్ష 480
గుర్తింపు కార్డు, డైరీ 190
భావండ్ సవలత్ 450
ఏకూణ్ 9,320

మొదటి ఆరూ కలిపితే 8,870. నీ కూడిక సరిగ్గానే ఉంది. దానికి 450 కలిపితే 9,320, వాళ్ల మొత్తం. దానిలోంచి 450 తీసేస్తే 8,420, ఉండాల్సిన మొత్తం. 9,320కీ 8,420కీ తేడా 900. తీసేయాల్సినదాన్ని కలిపితే తేడా ఎప్పుడూ రెండింతలు వస్తుంది. ఒకసారి తగ్గించకుండా వదిలేసినందుకు 450, దాని మీద కలిపినందుకు ఇంకో 450.

బడి ఆఫీసులో, కిరాణా కొట్టు చిట్టాలో లెక్కలు రాసేవాళ్లకు ఇదొక అలవాటు. మొత్తం తేడా వస్తే అన్నీ మళ్లీ కూడరు, ముందు ఆ తేడానే చూస్తారు. తేడాకు సమానమైన వరస ఏదైనా ఉంటే అది వదిలేశారు, లేదా రెండుసార్లు వేశారు. తేడాలో సగానికి సమానమైన వరస ఉంటే కూడిక బదులు తీసివేత, తీసివేత బదులు కూడిక జరిగింది. తేడా సరిగ్గా 10, 100, 1,000 అయితే పదుల గడిలోనో వందల గడిలోనో వేల గడిలోనో మిగులు మోసేటప్పుడు తప్పింది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే రెండు అంకెలు తారుమారయ్యాయేమో అని వెతుకుతారు, 480ని 840 అని కొట్టినట్టు. నీ విషయంలో 450, 900 రెండూ తొమ్మిదితో పోతాయి కాబట్టి ఆ అనుమానం నాకూ వచ్చింది. కానీ ఆ ఆరు వరసల్లో ఏ రెండు అంకెలు తిప్పి చూసినా మొత్తం 450 గానీ 900 గానీ పెరగదు. 480 తిరగేస్తే 360 పెరుగుతుంది, 250 తిరగేస్తే 270, 190 తిరగేస్తే 720. మిగతావి తిప్పితే తగ్గుతాయి. కాబట్టి ఆ దారి మూసేయవచ్చు. మిగిలింది సవలత్ వరసే.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి, అది అంకెలు చదవడంలో. చేతిరాత మరాఠీ రసీదుల్లో ఒకటి మనకు ఇంగ్లీషు తొమ్మిదిలా కనిపిస్తుంది, నాలుగు ఎనిమిదిలా కనిపిస్తుంది. నీకు అంకెలు వచ్చు, సరే. కానీ నీ తర్వాత ఆ ఫొటో చూసేవాళ్లు అటు కాళేశ్వరం వైపు చదువుకున్న మీ తమ్ముడో మరొకరో అయితే తప్పు చదివి నీతో వాదన పెట్టుకుంటారు. దీనికి మందు రసీదులోనే ఉంది. ఏకూణ్ కింద అక్షరీ అని ఒక గీత ఉంటుంది, మొత్తాన్ని మాటల్లో రాస్తారు. నీ రసీదులో అక్కడ నఊ హజార్ తీన్‌శే వీస్ అని ఉంది, అంటే తొమ్మిది వేల మూడు వందల ఇరవై. అంకె ఏదో మసకబారి నేను తప్పు చదవలేదని దీంతో తేలుతుంది. ఇంకొకటి కూడా తేలుతుంది. అంకెలు 9,320, మాటలూ 9,320 అయితే గుమాస్తా కలం జారి వేసిన అంకె కాదిది, నిజంగానే అంత మొత్తం అనుకుని రాశాడు. క్యాలిక్యులేటర్ మీద ఏడు వరసలకూ ప్లస్ నొక్కుకుంటూ పోతే అచ్చం ఇదే వస్తుంది. చాలా అచ్చు రసీదు పుస్తకాల్లో తగ్గింపుకు వేరే గడి ఉండదు, ఫీజుల కిందే ఇంకో వరసగా రాస్తారు. జూన్ చివర్లో బడి తెరిచాక కౌంటర్ ముందు వరస కట్టి జనం నిలబడ్డప్పుడు ముందు మైనస్ గీత పెట్టడం ఎవరు మరిచిపోరు?

ఇప్పుడు నేను పైన "వీలు ఎక్కువ" అన్నాను, "ఖాయం" అనలేదు. కారణం చెబుతాను. కొన్ని బడుల్లో తగ్గింపును ముందే ట్యూషన్ ఫీజులోంచి తీసేసి, ఎంత తగ్గించామో తెలియడానికి మాత్రమే కింద ఒక వరస రాస్తారు. మీ బడి కూడా అలా చేసి ఉంటే 6,500 అన్నది అప్పటికే తగ్గించిన అంకె. అప్పుడు ఉండాల్సిన మొత్తం 8,870. నీకు రావాల్సింది నువ్వు అన్నట్టే 450. ఏది నిజమో తేల్చుకోవడానికి బడి తెరిచినప్పుడు ఇచ్చిన ఫీజు కాగితం తీయి, లేదా నోటీసు బోర్డు మీద ఉన్నది చూడు. చిన్నపాప తరగతికి మొదటి విడత ట్యూషన్ ఫీజు అక్కడ 6,500 అని ఉంటే తేడా 900. అక్కడ 6,950 అని ఉంటే తేడా 450. రెండింటిలో ఏ దారిన పోయినా 9,320 మాత్రం రాదు. కాబట్టి ఉత్తరం రాయడానికి ఆగాల్సిన పని లేదు, అడిగే అంకె మాత్రం ఫీజు కాగితం చూశాకే వేయి. కింద నేను రాసింది 6,500 అని ఉంటుందనుకుని రాసింది.

ఇంకో ప్రశ్న. రసీదు మీద 9,320 ఉంది సరే, నీ ఖాతాలోంచి పోయింది ఎంత? ఫోన్‌లో కట్టానన్నావు కాబట్టి ఆ లావాదేవీ తెరిచి చూడు. 9,320 పోతే వాళ్ల ఆ రోజు చిట్టాకూ బ్యాంకుకూ సరిపోతుంది. వాళ్లంతట వాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే వచ్చిన డబ్బు, రాసిన రసీదు ఒకటే. నువ్వు చెప్తేనే తెలుస్తుంది. అలా కాకుండా 8,420 కట్టి రసీదులో 9,320 ఉంటే కథ వేరు. అప్పుడు నీకు నష్టం లేదు, వాళ్ల లెక్కలో 900 తక్కువ పడుతుంది, దానికోసం గుమాస్తా ఇప్పటికే తల పట్టుకుని ఉంటాడు. అందుకే ఉత్తరంలో రసీదు మొత్తం ఒక వాక్యంలో, కట్టిన మొత్తం ఇంకో వాక్యంలో విడిగా రాయాలి. యూపీఐ లావాదేవీకి 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది, అది ఎత్తి రాయి. దాంతో వాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నీ వరస ఇట్టే పట్టుకుంటారు.

ఫొటో మళ్లీ తీయాలి. ఇప్పుడున్నది నాకు సరిపోయింది గానీ ఆఫీసుకు సరిపోదు. అసలు గొడవంతా ఏ వరసతోనో ఆ వరస మీదే మడత, నీడ పడ్డాయి. నీకు అది కనబడకపోవడానికీ కారణం అదే. రసీదును పలక మీదో అట్ట మీదో చదునుగా పరిచి, పగలు గడప దగ్గర వెలుతురులో పెట్టి, ఫ్లాష్ వేయకుండా, ఫోన్ నిటారుగా పైన పట్టుకుని తీయి. నాలుగు అంచులూ రావాలి. పైన రసీదు నంబరు, తేదీ, కింద ముద్ర, సంతకం కోసుకుపోకూడదు. నీకిచ్చింది కార్బన్ కాపీ అయితే రాత ఎలాగూ లేతగా ఉంటుంది. తీసిన తర్వాత నీ ఫోన్‌లోనే పెద్దది చేసి ఏడు వరసలూ చదివి చూసుకో. నీకు చదవరానిది వాళ్లకూ రాదు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు, నాణ్యత తగ్గదు. అసలు రసీదు మీద మాత్రం పెన్నుతో గీతలు పెట్టకు. 450 చుట్టూ సున్నా చుట్టడం, పక్కన సరైన మొత్తం వేయడం లాంటివన్నీ జిరాక్స్ మీద చేసుకో. అసలు కాగితం మీద నీ చేతిరాత కనబడితే ఏది ఎవరు రాశారన్న కొత్త పంచాయితీ మొదలవుతుంది.

ఇక భయం గురించి. కోపం తెప్పించేది ఫిర్యాదు కాదు, ఫిర్యాదులో మనిషిని నిలబెట్టడం. "మీ గుమాస్తా ఎక్కువ తీసుకున్నాడు" అని రాస్తే అతను తనను కాపాడుకోవాలి. "రసీదులో మొత్తం సరిపోవడం లేదు" అని రాస్తే అతను క్యాలిక్యులేటర్ తీస్తాడు. అంకెలే మాట్లాడేలా రాయి. మోసం, అన్యాయం, చట్టం అన్న మాటలు ఈ ఉత్తరంలో వద్దు. మహారాష్ట్రలో ఫీజుల మీద 2011 నాటి నియంత్రణ చట్టం ఒకటి ఉంది గానీ, అది ఫీజు ఎంత ఉండాలి, ఎవరు ఆమోదించాలి అనే తగువులకు. కూడిక తప్పుకు దాన్ని బయటికి తీయడం దోమ మీదికి గొడ్డలి ఎత్తడమే.

పెద్దపాప మరాఠీలో రాయడానికి వీలుగా నేను తెలుగులో రాసిస్తున్నాను. మరాఠీ అర్జీకి ఉండే వరసే పెట్టాను. బడిలో అర్జీ రాయడం ఆమెకు నేర్పే ఉంటారు, ప్రతి, విషయ్, మహోదయ్ అని ఎక్కడెక్కడ రావాలో ఆమెకు తెలుసు.

ప్రతి,
మా. ముఖ్యాధ్యాపకులు,
(బడి పేరు), సిరోంచ.

తేదీ: ____

విషయం: రసీదు నం. ____, తేదీ ____, మొత్తం సరిచూసి సరిచేయడం గురించి.

మహోదయా,

మా అమ్మాయి (పేరు), తరగతి ____, మొదటి విడత ఫీజుకు పై రసీదు ఇచ్చారు. అందులోని ఆరు ఫీజుల మొత్తం 8,870 రూపాయలు. భావండ్ సవలత్ 450 రూపాయలు తీసివేస్తే 8,420 రావాలి. రసీదులో ఏకూణ్ 9,320 అని ఉంది. సవలత్ మొత్తం తీసివేయడానికి బదులు కలిసినట్టు కనిపిస్తోంది.

నేను ____ తేదీన యూపీఐ ద్వారా 9,320 రూపాయలు కట్టాను. రిఫరెన్స్ నం. ____.

దయచేసి మీ దగ్గరున్న రసీదు ప్రతితో సరిచూసి, ఎక్కువ కట్టిన 900 రూపాయలను రెండో విడత ఫీజులో సర్దుబాటు చేసి, ఆ విషయం రాతపూర్వకంగా ఇవ్వగలరు.

జత: రసీదు జిరాక్స్, లావాదేవీ ప్రింటు.

మీ విశ్వాసపాత్రురాలు,
(సంతకం, పేరు, ఫోన్)

ఇంతకన్నా పొడవు వద్దు. "కలిసినట్టు కనిపిస్తోంది" అన్న మాట మార్చకు. సవలత్ ముందే తగ్గించి ఉంటే నీ మాట అబద్ధం కాకుండా అది కాపాడుతుంది. వాళ్లు సరిచూసి "ట్యూషన్ అసలు 6,950 అమ్మా, మీకు 450 మాత్రమే రావాలి" అంటే ఒప్పుకోవచ్చు, కానీ ఫీజు కాగితంలో ఆ 6,950 ఎక్కడుందో చూపించమను.

ఒకటే అడగమన్నాను, సర్దుబాటు. డబ్బు వెనక్కి ఇమ్మంటే తప్పేం లేదు. కానీ బడి నుంచి డబ్బు బయటికి రావాలంటే చెక్కు కావాలి, సంస్థవాళ్ల సంతకం కావాలి, 900 కోసం నువ్వు నాలుగు సార్లు తిరగాలి. రెండో విడత ఎలాగూ కట్టాలి కాబట్టి అందులో తగ్గించుకోవడం ఇద్దరికీ సులువు. ఒక్క జాగ్రత్త. రెండో విడత రసీదులో పూర్తి ఫీజు పైన రాసి, కింద "రసీదు నం. ఫలానా, 900 సర్దుబాటు" అని విడిగా చూపించి తగ్గించాలి. ట్యూషన్ ఫీజునే 900 తగ్గించి రాస్తే ఏడాది చివర "మీ ట్యూషన్ 900 బాకీ" అని ఇంకొక గుమాస్తా నీకు చీటీ పంపుతాడు. ఇలాంటివి నేను ఆఫీసు బల్లకు అవతలి వైపు కూర్చుని చూశాను. అదీగాక మీ ఇంట్లో ఎవరైనా పాత పద్ధతిలో ఆదాయపు పన్ను వేసుకుంటూ పన్ను మినహాయింపుకు ట్యూషన్ ఫీజు చూపించేవాళ్లుంటే ఆ వరసలో ఉన్న అంకె తగ్గిపోతుంది.

లేదంటే వాళ్లు పాత రసీదు రద్దు చేసి కొత్తది ఇస్తామనవచ్చు. అదీ మంచి పద్ధతే. అప్పుడు పాత రసీదు అసలు కాగితం అడుగుతారు, ఎందుకంటే పుస్తకంలో ఉన్న ప్రతి మీదా, నీ దగ్గరున్న దాని మీదా రెండింటి మీదా రద్దు అని రాయాలి. ఇవ్వవచ్చు, కానీ కొత్తది చేతికొచ్చాక ఇవ్వు. కొత్త రసీదులో 8,420 మాత్రమే ఉంటుంది కదా, మిగతా 900 ఏమైందో ఆ రోజే కాగితం మీద రావాలి. కొట్టివేతలు దిద్ది, పాత అంకె మీద కొత్త అంకె రాసి ఇస్తే మాత్రం తీసుకోకు. గుమాస్తా మంచివాడే అయి పక్కన చిన్న సంతకం పెట్టినా సరే. పుస్తకంలో ఉన్న ప్రతిలో అంకె మారదు, నీ కాగితంలో మారుతుంది, రేపు రెండూ పక్కపక్కన పెడితే అనుమానం నీ మీదికే వస్తుంది.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకుని వెళ్లు. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద పోచ్ అడుగు. అంటే ముద్ర, తేదీ, ఆఫీసుకు వచ్చిన కాగితాలకు వేసే ఆవక్ నంబరు. ఆవక్ రిజిస్టర్‌లో ఎక్కితే ఆ కాగితం ముఖ్యాధ్యాపకుల బల్ల మీదికి వెళ్తుంది. ఎక్కకపోతే ఏ ఫైలు కిందనో పడుకుంటుంది. పిల్ల చేతికిచ్చి పంపకు, ఇది పెద్దవాళ్ల పని. రద్దీ ఉండే పొద్దున్న పూట కాకుండా మధ్యాహ్నం భోజనం తర్వాత వెళితే గుమాస్తాకు పుస్తకం తీసి చూసే తీరిక ఉంటుంది. చాలామటుకు అక్కడే, అప్పుడే తేలిపోతుంది. వారంలో జవాబు రాకపోతే అదే పోచ్ కాగితం పట్టుకుని నేరుగా ముఖ్యాధ్యాపకులను కలువు. కొత్త ఉత్తరం అక్కర్లేదు. అక్కడా కదలకపోతే పాలక్ శిక్షక్ సంఘ్‌లో, అంటే తల్లిదండ్రులు, టీచర్ల సంఘంలో, మీ పాప తరగతి తరఫున ఉన్న తల్లిదండ్రుల ప్రతినిధికి జిరాక్స్ చూపించు.

చివరగా ఒక పని. పెద్దపాప రసీదు కూడా తీసి చూడు. ఈ తగ్గింపు మామూలుగా ఇద్దరిలో చిన్నవాళ్లకే ఇస్తారు కాబట్టి అందులో సవలత్ వరస ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం అదీ కూడి చూసుకో. నీలాగే ఇద్దరు పిల్లలున్న మీ వాడకట్టు వాళ్లకు విషయం చెప్పడం నీ ఇష్టం, కానీ ఆ మాట ఈ ఉత్తరంలో పెట్టకు. వాళ్ల రసీదులు నువ్వు చూడలేదు.